ఏ సమాసమో తేల్చుకోవడం ఎలా? ముందు విగ్రహవాక్యం, ఆ తర్వాతే పేరు

పదో తరగతి పిల్లలూ, టెట్, డీఎస్సీకి చదివేవాళ్లూ ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే: "సమాసాల పేర్లన్నీ వచ్చు, కానీ పదం చూడగానే అది ఏ సమాసమో ఎలా చెప్పాలి?" పదం చూడగానే చెప్పాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది. పదం పైరూపం సమాసం పేరు చెప్పదు. రెండు పదాల మధ్య అర్థం ఎలా కలిసిందో చూస్తేనే పేరు తెలుస్తుంది. దొంగభయం, దొంగసొత్తు, దొంగనోటు అనే మూడింటిలోనూ మొదటి పదం దొంగే. అయినా ఈ మూడూ మూడు వేర్వేరు సమాసాలు. కింది వరుసలో వెళ్తే వాటిని విడివిడిగా గుర్తించడం కష్టం కాదు.

కావలసినవి

సమాసపదం వచ్చిన వాక్యం పూర్తిగా మీ ముందుండాలి. విడి పదం మాత్రమే ఇస్తే, మీరే ఒక చిన్న వాక్యం తయారు చేసుకోండి. విభక్తి ప్రత్యయాల పట్టిక దగ్గర పెట్టుకోండి, లేదా కంఠతా పట్టండి. నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయండి: సమాసపదం, విగ్రహవాక్యం, సమాసం పేరు. రెండో గడి నిండే దాకా మూడో గడి జోలికి వెళ్లకండి. పేరు ముందే ఊహించుకుని దానికి సరిపోయేలా విగ్రహవాక్యం అల్లడం అందరూ చేసే తప్పు. యొక్క అనే మాటకు ప్రతి విగ్రహవాక్యంలోనూ దూరే అలవాటు ఉంది కాబట్టి, అలా చేస్తే అన్నీ షష్ఠీ తత్పురుషాలే అవుతాయి.

1. పదాలను అసలు రూపంలోకి విడదీయండి

సంధిని విప్పి, రెండు పదాలూ విడిగా ఎలా ఉంటాయో అలా రాయండి. అన్నదమ్ములులో ఉన్నది దమ్ముడు కాదు, తమ్ముడు. ముక్కంటిలో మూడు, కన్ను ఉన్నాయి. నిలువుటద్దంలోని టకారం మధ్యలో వచ్చి చేరింది, అసలు పదాలు నిలువు, అద్దం.

సంధి పేరు వేరు, సమాసం పేరు వేరు. సూర్యోదయంలో గుణసంధి ఉందనడం శబ్దాల సంగతి. సూర్యుని యొక్క ఉదయం అనడం అర్థం సంగతి. ఒకటి రాస్తే రెండోది దానంతట వచ్చేయదు.

మూడు పదాలున్న సమాసాన్ని ఒక్కసారిగా మూడు ముక్కలు చేయకండి. కృష్ణానదీతీరం అన్నప్పుడు ముందు కృష్ణానది, తీరం అని రెండు చేయండి. కృష్ణానది యొక్క తీరం కాబట్టి మొత్తం పదం షష్ఠీ తత్పురుషం. లోపల ఉన్న కృష్ణానది మరో సమాసం, దాని పేరు వేరు. మొత్తం పదానికి సమాసం అడిగితే చివరి కలయిక పేరే రాయాలి.

2. క్రియ ఎవరికి అంటుతుందో చూడండి

సమాసపదం పక్కన ఒక క్రియ పెట్టి, ఆ పని చేసింది ఎవరని అడగండి.

"తెల్లగుర్రం పరుగెత్తింది." పరుగెత్తింది గుర్రం, అంటే రెండో పదం. ఇది తత్పురుష, కర్మధారయ, ద్విగు సమాసాల్లో ఒకటి. ఇక్కడితో తేలదు, 3వ మెట్టుకు వెళ్లండి.

"తల్లిదండ్రులు వచ్చారు." తల్లీ వచ్చింది, తండ్రీ వచ్చాడు. రెండు పదాలకూ సమాన బరువు ఉంది కాబట్టి ద్వంద్వం. విగ్రహవాక్యం: తల్లియును, తండ్రియును.

"చక్రపాణి నవ్వాడు." నవ్వింది చక్రం కాదు, పాణి అంటే చెయ్యి, అదీ కాదు. చేతిలో చక్రం ఉన్న విష్ణువు నవ్వాడు. సమాసంలో లేని మూడో వ్యక్తిని చెబుతోంది కాబట్టి బహువ్రీహి. విగ్రహవాక్యం: చక్రం పాణియందు కలవాడు.

ప్రతిదినం, యథాశక్తి లాంటి వాటిలో మొదటి పదం అవ్యయం, బరువంతా దానిదే. అవి అవ్యయీభావాలు. పరీక్షల్లో వచ్చేవి కొద్దే కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేద్దాం.

బహువ్రీహిని ఈ మెట్టులోనే పట్టుకోవాలి, లేకపోతే తర్వాత మెట్లలో తప్పుదారి పట్టిస్తుంది. నీలకంఠం అంటే నల్లని కంఠం, కర్మధారయం. నీలకంఠుడు అంటే నల్లని కంఠం కలవాడు, అంటే శివుడు, బహువ్రీహి. పీతాంబరం పసుపుపచ్చని బట్ట, పీతాంబరుడు ఆ బట్ట కట్టిన విష్ణువు. కంఠం కంఠుడుగా, అంబరం అంబరుడుగా మారింది చూడండి. రెండో పదం తన సొంత రూపం వదిలి మనిషిని చెప్పే డు-చివర తెచ్చుకుంటే బహువ్రీహి అని గట్టిగా అనుమానించండి. అయితే ఈ గుర్తు అన్నిచోట్లా కనబడదు. చక్రపాణి, ముక్కంటి లాంటివాటిలో అది లేదు. అప్పుడు క్రియ పరీక్షే దిక్కు.

ద్వంద్వంలోనూ ఒక మోసం ఉంది. మృదుమధురంలో రెండు పదాలూ సమానంగానే కనబడతాయి. కానీ "మృదుమధురమైన పాట" అన్నప్పుడు మృదువైనదీ ఆ పాటే, మధురమైనదీ ఆ పాటే. రెండు వస్తువులు లేవు. రెండూ ఒకే వస్తువు గుణాలైతే విశేషణ ఉభయపద కర్మధారయం. కష్టసుఖాల్లో కష్టం ఒకటి, సుఖం మరొకటి కాబట్టి అది ద్వంద్వం.

3. సంఖ్యనూ, లేదనే అర్థాన్నీ పక్కకు తీయండి

మొదటి పదం సంఖ్య అయి, రెండో పదాన్ని లెక్కపెడుతుంటే ద్విగువు: ముల్లోకాలు, నవరసాలు. సంఖ్య కనబడగానే ద్విగు అని రాసేయకండి. పంచాంగం చూడండి. ఐదు అంగాలే అయితే ద్విగువే. కానీ ఉగాది నాడు మనం వినేది తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదు అంగాలు గల ఒక గ్రంథం. ఐదు అంగాలు కలది కాబట్టి బహువ్రీహి. ముక్కంటి, దశకంఠుడు కూడా ఇంతే.

మొదట్లో అ, అన్ ఉండి కాదు అనే అర్థం వస్తే నఞ్ తత్పురుషం. హల్లుకు ముందు అ, అచ్చుకు ముందు అన్ వస్తుంది: అసత్యం, అనుచితం. ఇక్కడ చూడాల్సింది విగ్రహవాక్యం చివర కానిది వచ్చిందా, లేనిది వచ్చిందా అని. సత్యం కానిది అసత్యం, నఞ్ తత్పురుషం. నాథుడు లేనివాడు అనాథ, ఇది బహువ్రీహి. నాథుడు కానివాడు అని రాస్తే అర్థమే మారిపోతుంది.

4. ఒక వస్తువా, రెండు వస్తువులా?

మిగిలినవి తత్పురుష, కర్మధారయాలు. అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూడండి. ప్రశ్న ఇది: రెండు పదాలూ చెప్పేది ఒకే వస్తువునా, లేక ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న రెండు వస్తువులనా?

మర్రిచెట్టు తీసుకోండి. మర్రి ఏమిటి? అది చెట్టే. రెండూ ఒకటే వస్తువు కాబట్టి కర్మధారయ కుటుంబం. మర్రిఊడలు తీసుకోండి. మర్రి చెట్టు, ఊడలు దాని భాగాలు. రెండు వేర్వేరు, మధ్యలో సంబంధం ఉంది కాబట్టి తత్పురుషం. గోదావరి నదిలో గోదావరీ నదీ ఒకటే. గోదావరి తీరంలో రెండూ వేరు. "గోదావరి యొక్క నది" అని రాసి షష్ఠీ అనేవాళ్లు చాలామంది. గోదావరికి వేరే నది ఏదీ లేదు కదా అని ఆలోచిస్తే తప్పు బయటపడుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన దొంగల సంగతి. దొంగభయంలో దొంగ ఒకడు, భయం మరొకటి. ఆ భయం దొంగ వల్ల వచ్చింది. పంచమీ తత్పురుషం. దొంగసొత్తులో దొంగ వేరు, సొత్తు వేరు. దొంగ యొక్క సొత్తు, షష్ఠీ. దొంగనోటులో రెండో వస్తువు లేదు. నోటు ఏ దొంగదీ కాదు, దొంగ వల్ల రాలేదు. ఆ నోటే నకిలీది, ఇక్కడ దొంగ అనేది నోటు గుణం. దొంగదైన నోటు, విశేషణ పూర్వపద కర్మధారయం.

5. తత్పురుషమైతే విభక్తి వెతకండి

మొదటి పదానికి ఒక్కో ప్రత్యయం తగిలించి, ఏది అర్థంతో కుదురుతుందో చూడండి. యొక్కను అన్నిటికంటే చివర వాడండి. మిగిలినవేవీ కుదరకపోతేనే షష్ఠీ. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తప్పులు పోతాయి.

నెలతాల్పు: నెలను తాల్చినవాడు, ద్వితీయా. బుద్ధిహీనుడు: బుద్ధి చేత హీనుడు, తృతీయా. గురుదక్షిణ: గురువు కొరకు దక్షిణ, చతుర్థీ. పాపభీతి: పాపం వలన భీతి, పంచమీ. రామబాణం: రాముని యొక్క బాణం, షష్ఠీ. దేశభక్తి: దేశమందు భక్తి, సప్తమీ.

దేశభక్తికి "దేశం యొక్క భక్తి" అని రాస్తే ఏమవుతుంది? భక్తి దేశానికి ఉన్నట్టు అర్థం వస్తుంది. భక్తి ఉన్నది మనిషికి, అది చేరేది దేశానికి. యొక్క రాసిన ప్రతిచోటా ఇలా అడగండి: రెండో పదం నిజంగా మొదటిదానికి చెందినదేనా?

రెండు ఉచ్చులు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. మొదటిది కి, కు. మామూలు మాటల్లో గురువుకు దక్షిణ అంటాం. తెలుగు వ్యాకరణంలో కి, కు ప్రత్యయాలు షష్ఠీ విభక్తివి. అలా రాసుకుంటే చతుర్థీ కాస్తా షష్ఠీ అయిపోతుంది. కోసం అనే అర్థం ఉందంటే విగ్రహవాక్యంలో కొరకు అనే రాయండి. రెండోది లో. లో, లోపల షష్ఠీవి, అందు సప్తమిది. అందుకే నరోత్తముడికి నరులలో ఉత్తముడు అంటే షష్ఠీ, నరులందు ఉత్తముడు అంటే సప్తమీ అవుతుంది. రెండు రకాల జవాబులూ పుస్తకాల్లో కనబడతాయి. మీరు రాసిన ప్రత్యయానికీ మీరు పెట్టిన పేరుకూ పొత్తు కుదరడం ముఖ్యం.

ఇత్తడి చెంబు లాంటివాటిలో ప్రత్యయం ఒక్కటే చాలదు. ఇత్తడితో చెంబు అంటే వాక్యం తేలదు, ఇత్తడితో చేసిన చెంబు అనాలి. చేసిన అనేది సమాసంలో కనబడకుండా పోయింది. అలా పోయిన మాటను విగ్రహవాక్యంలో వెనక్కి తెచ్చి రాయడం తప్పు కాదు. విభక్తిని మాత్రం మొదటి పదం మీదున్న ప్రత్యయం బట్టే చెప్పాలి, అంటే తృతీయా.

ప్రథమా తత్పురుషం ఒక్కటే వింతగా కనబడుతుంది. మధ్యాహ్నానికి విగ్రహవాక్యం: అహ్నం యొక్క మధ్యభాగం. అహ్నం అంటే పగలు. ఇందులో యొక్క ఉంది కదా, షష్ఠీ ఎందుకు కాదు? యొక్క ఏ పదం మీద ఉందో చూడండి. అది రెండో పదమైన అహ్నం మీద ఉంది. మొదటి పదమైన మధ్యకు ప్రథమే. విభక్తి పేరు మొదటి పదాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఇది ప్రథమా తత్పురుషం. అర్ధరాత్రి, నడిరేయి కూడా ఇలాంటివే. విగ్రహవాక్యంలో పదాల వరుస తిరగబడి, యొక్క రెండో పదానికి తగిలితే ప్రథమా అనుకోండి.

6. కర్మధారయమైతే మధ్యలో ఏ మాట ఇముడుతుందో చూడండి

అయిన, అనే పేరుగల, వంటి, అనే. ఈ నాలుగింటిలో ఒకటి కుదురుతుంది.

అయిన కుదిరితే ఒక పదం గుణం. తెల్లనైన గుర్రం: గుణం ముందుంది, విశేషణ పూర్వపదం. మామిడిగున్న: గున్న అయిన మామిడి. చిన్నది అనే గుణం రెండో పదంలో ఉంది కాబట్టి విశేషణ ఉత్తరపదం.

అనే పేరుగల కుదిరితే సంభావనా పూర్వపదం. కృష్ణా అనే పేరుగల నది, మర్రి అనే పేరుగల చెట్టు. మొదటిది పేరు, రెండోది జాతి.

వంటి కుదిరితే పోలిక. ఏది పోల్చేదో, ఏది పోల్చబడేదో ఇక్కడ చాలామంది తారుమారు చేస్తారు. ఉపమానం అంటే పోలికగా బయటి నుంచి తెచ్చినది. తేనెమాటలో మనం మాట్లాడుతున్నది మాట గురించి, తేనెను పోలికకు తెచ్చాం. తేనె ముందుంది కాబట్టి ఉపమాన పూర్వపదం. పాదపద్మంలో మాట్లాడుతున్నది పాదం గురించి, పద్మాన్ని తెచ్చాం. అది వెనకుంది కాబట్టి ఉపమాన ఉత్తరపదం. పూర్వ, ఉత్తర అనే మాటలు ఉపమానం ఎక్కడుందో చెబుతాయి, అంతే.

వట్టి అనే కుదిరితే రూపకం. విద్య అనే ధనం, సంసారం అనే సాగరం. పోలిక కాదిది, రెండూ ఒకటేనని చెప్పడం.

అసలు ఇబ్బంది ఉపమాన ఉత్తరపదానికీ రూపకానికీ మధ్య వస్తుంది. ముఖపద్మంలో పద్మం వంటి ముఖం అనొచ్చు, ముఖమనే పద్మం అనొచ్చు. ఏది సరి? వాక్యంలోని క్రియను చూడండి. "పాదపద్మాలకు మొక్కాడు" అన్నప్పుడు మొక్కేది పాదాలకు. పని పాదానికి నప్పింది కాబట్టి పద్మాల వంటి పాదాలు, ఉపమాన ఉత్తరపదం. "ముఖపద్మం వికసించింది" అన్నప్పుడు వికసించే పని పద్మానిది. అందుకని ముఖమనే పద్మం అనడం బాగా కుదురుతుంది, రూపకం.

వాక్యం ఇవ్వకుండా పదం ఒక్కటే ఇస్తే ఈ దారి పనికిరాదు. అప్పుడు మొదటి పదాన్ని చూడండి. పాదం, ముఖం, కరం లాంటి కంటికి కనబడే అవయవమైతే బడి పుస్తకాలు సాధారణంగా ఉపమాన ఉత్తరపదం అంటాయి. విద్య, అజ్ఞానం, సంసారం, దయ లాంటి కంటికి కనబడనిదైతే రూపకం అంటాయి. విద్యకు రూపం లేదు కాబట్టి ధనం వంటి విద్య అని పోల్చడం కంటే, విద్యనే ధనం చేసేయడం సహజం.

7. జవాబు సరిచూసుకోండి

మూడు పరీక్షలు చేయండి. మొదట, సమాసం తీసేసి ఆ చోట విగ్రహవాక్యం పెట్టి వాక్యాన్ని మళ్లీ చదవండి. "అతని దేశభక్తి గొప్పది" బదులు "అతనికి దేశమందున్న భక్తి గొప్పది" అంటే అర్థం నిలుస్తుంది. "దేశం యొక్క భక్తి గొప్పది" అంటే అతనే మాయమవుతాడు.

తర్వాత మొదటి పదం తీసేసి రెండో పదాన్ని మాత్రమే ఉంచండి. "తెల్లగుర్రం పరుగెత్తింది" అన్నది "గుర్రం పరుగెత్తింది" అయినా నిజమే. "చక్రపాణి నవ్వాడు" అన్నది "పాణి నవ్వింది" అయితే అర్థం పోయింది. అసత్యం లాంటి నఞ్ తత్పురుషంలో, పాదపద్మం లాంటి ఉపమాన ఉత్తరపదంలో ఈ పరీక్ష పనిచేయదు. మిగిలినచోట్ల అర్థం పోతే, మీరు తత్పురుషమో కర్మధారయమో అని రాసుకున్నది తప్పేమో అని 2వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

చివరగా, విగ్రహవాక్యంలోని మాటకూ పేరుకూ పొంతన చూడండి. వంటి రాసి రూపకం అన్నా, కొరకు రాసి షష్ఠీ అన్నా, కలవాడు రాసి కర్మధారయం అన్నా జవాబులో ఏదో ఒక సగం తప్పే. దిద్దేవారికి మొదట కనబడేది ఈ తేడాయే.

ఒక వాక్యం మీద చేసి చూద్దాం

"మధ్యాహ్నం అన్నదమ్ములు కృష్ణానది దాటి, దొంగభయం లేని ఊరు చేరి, గురువు పాదపద్మాలకు నమస్కరించి విద్యాధనం కోరారు."

ఇందులో ఆరు సమాసాలున్నాయి. మధ్యాహ్నం: అహ్నం యొక్క మధ్యభాగం, యొక్క రెండో పదం మీద ఉంది, ప్రథమా తత్పురుషం. అన్నదమ్ములు: కోరింది అన్నా, తమ్ముడూ ఇద్దరూ, ద్వంద్వం. కృష్ణానది: కృష్ణా అంటే ఆ నదే, ఒకటే వస్తువు, మొదటిది పేరు, సంభావనా పూర్వపద కర్మధారయం. దొంగభయం: రెండు వస్తువులు, దొంగ వలన భయం, పంచమీ తత్పురుషం. పాదపద్మాలు: నమస్కారం పాదాలకు, పద్మాల వంటి పాదాలు, ఉపమాన ఉత్తరపద కర్మధారయం. విద్యాధనం దగ్గర కొంచెం ఆగండి. విద్య యొక్క ధనం అని షష్ఠీ రాయాలనిపిస్తుంది. విద్య వేరు, దాని ధనం వేరా అని 4వ మెట్టు ప్రశ్న అడగండి. వాళ్లు కోరింది విద్యనే, ఆ విద్యే ధనం. ఒకటే వస్తువు, విద్య అనే ధనం, రూపకం.

ఎవరైనా "విద్య వలన వచ్చిన ధనం" అని పంచమీ రాస్తే? ఆ వాక్యంలో అది కుదరదు. కానీ "అతను విద్యాధనంతో ఇల్లు కట్టాడు" అనే వాక్యంలో, చదువు వల్ల సంపాదించిన డబ్బు అనే అర్థంలో, పంచమీ తత్పురుషమే సరైన జవాబు. పదం పక్కన వాక్యం తప్పక ఉండాలని మొదట్లో అడిగింది ఇందుకే.